ఇరవై నిమిషాల్లో ఏ అయిదు?

ఇరవై నిమిషాల వీడియో అంటే 1200 సెకన్లు. అయిదు నిమిషాలంటే 300. ప్రతి నాలుగు సెకన్లలో మూడు పోవాలన్నమాట. ఈ పనికి కూర్చున్నవాళ్లు చాలామంది మొదటి షాట్ నుంచి చూసుకుంటూ వెళ్లి, ఎక్కడ సాగినట్టు అనిపిస్తే అక్కడ కాస్త కత్తిరిస్తారు. కానీ అది అప్పటికే ఒకసారి ఎడిట్ అయిన వీడియో. ఊగిపోయిన షాట్లు, తడబడిన మాటలు అందులో ఎప్పుడో పోయాయి. అందుకే ఎంత గట్టిగా పట్టినా పదహారు, పదిహేడు నిమిషాల దగ్గర చెయ్యి ఆగిపోతుంది.

అప్పుడు రెండో ఆలోచన వస్తుంది. వీడియోలో పది భాగాలుంటే ఒక్కోదాన్నీ నాలుగో వంతుకు కుదిద్దాం, ఎవరికీ అన్యాయం జరగదు అని. లెక్కకు సరిపోతుంది గానీ చూపుకు సరిపోదు. ప్రతి పనికీ కంటికి అందడానికి కొంత కనీస సమయం కావాలి. ఎన్నడూ చూడని పనిముట్టు తెర మీదికి వస్తే, అది ఏమిటో, చెయ్యి దాంతో ఏం చేస్తోందో పోల్చుకోవడానికే కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కనీసం కంటే తగ్గిస్తే షాట్ కనిపిస్తుంది, పని కనిపించదు. అన్ని భాగాలనూ సమానంగా కుదిస్తే పది సగం సగం సంగతులు మిగులుతాయి. కాబట్టి ఎంత కొయ్యాలన్నది తర్వాతి ప్రశ్న. ఏ భాగాలు మొత్తంగా ఉండాలి, ఏవి మొత్తంగా పోవాలి అన్నది ముందు తేల్చుకోవాలి.

ఒక వీడియోను తీసుకుందాం

భూదాన్ పోచంపల్లి ఇక్కత్ చీర ఎలా తయారవుతుందో చూపే ఇరవై నిమిషాల వీడియో ఉందనుకుందాం. ఇక్కత్‌లో బొమ్మను బట్ట మీద వెయ్యరు. నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, ఆ తర్వాత నేస్తారు. వీడియోలోని భాగాలు, వాటి నిడివి ఇలా ఉన్నాయి:

- ఊరు, వీధులు, మగ్గాల చప్పుడు: 1 నిమిషం 20 సెకన్లు
- తేలియా రుమాలు నుంచి నేటి దాకా చరిత్ర: 2 ని. 10 సె.
- పట్టు నూలును ఉడికించి సిద్ధం చేయడం: 1 ని. 30 సె.
- ఆసు పోయడం: 3 ని.
- చింతకింది మల్లేశం ఆసు యంత్రం: 2 ని. 20 సె.
- నూలు మీద గుర్తులు పెట్టి కట్లు కట్టడం: 2 ని. 40 సె.
- రంగు ముంచడం, విప్పడం, మళ్లీ కట్టడం: 2 ని. 30 సె.
- కండెలు చుట్టి మగ్గం మీద నేయడం: 2 ని. 20 సె.
- నేతకారుడి మాటలు: 1 ని. 30 సె.
- దుకాణం, ముగింపు: 40 సె.

ఇలాంటి పట్టీ కాగితం మీద రాసుకోవడం మొదటి పని. టైమ్‌లైన్ ముందు కూర్చుంటే అందమైన షాట్లు మనతో వాదిస్తాయి. కాగితం మీద షాట్ల అందం కనిపించదు, వాటి పని మాత్రమే కనిపిస్తుంది.

పట్టీ పైన ఒక వాక్యం రాయాలి. అయిదు నిమిషాలు చూసిన మనిషి పక్కవాళ్లకు తన మాటల్లో ఏం చెప్పగలగాలి? ‘పోచంపల్లి చేనేత గురించి’ అన్నది వాక్యం కాదు, అది శీర్షిక. వాక్యంలో క్రియ ఉండాలి, కారణం ఉండాలి. మన వీడియోకు ఇలా రాసుకుందాం: “ఇక్కత్ చీర మీది బొమ్మ నేయకముందే నూలు మీద పడుతుంది, అందుకే దాని అంచు చెదిరినట్టుంటుంది, అందుకే ఆ చీరకు అంత పని పడుతుంది.” ఇక ప్రతి భాగాన్నీ ఈ వాక్యం ముందు నిలబెట్టి అడగవచ్చు.

దేన్ని తీస్తే ఏది కూలుతుంది?

అడగాల్సిన ప్రశ్న ‘ఇది ముఖ్యమా?’ అని కాదు. అలా అడిగితే పదికి పది భాగాలూ ముఖ్యమనే జవాబు వస్తుంది. ‘దీన్ని తీసేస్తే తర్వాత వచ్చే ఏ భాగం అర్థం కాకుండా పోతుంది?’ అని అడగాలి.

దీని వెనక మనస్తత్వశాస్త్ర పరిశోధన ఉంది. టామ్ ట్రబాసో, పాల్ వాన్ డెన్ బ్రూక్ అనే పరిశోధకులు 1985లో కథల్లోని సంఘటనలను కార్యకారణ బంధాలతో కలిపి పటాలు గీసి చూశారు. చదివినవాళ్లకు ఏ సంఘటనలు గుర్తుంటున్నాయి, క్లుప్తంగా చెప్పమంటే వేటిని ఉంచుతున్నారు అని పరిశీలిస్తే, కారణాల గొలుసులో భాగమైనవీ, ఎక్కువ సంఘటనలతో ముడిపడినవీ ముందుకొచ్చాయి. గొలుసుకు పక్కన నిలిచినవి ఎక్కువగా జారిపోయాయి. ఎడిటర్ చేతికి ఇది మంచి కొలత. చూసేవాడి మనసు రేపు ఎలాగూ వదిలేసేదాన్ని మనం ఈరోజే వదిలేస్తే నష్టం తక్కువ. అతను పట్టుకోబోయే ముడిని మనం తెంపితే మాత్రం మిగతాది కూడా జారిపోతుంది.

ఇప్పుడు పట్టీ చూద్దాం. చరిత్ర భాగం తీసేస్తే తర్వాతి ఏ పనీ అర్థం కాకుండా పోదు. రెండు నిమిషాల పది సెకన్లు ఒక్క దెబ్బతో పోతాయి. ఊరి వీధులూ అంతే. పట్టు నూలు ఉడికించడం నిజానికి అవసరమైన పని. పట్టు దారం మీద సహజంగా ఉండే జిగురు పోతే గానీ రంగు సరిగా పట్టదు. కానీ పనికి అవసరమైనదంతా అర్థానికి అవసరం కాదు. ఆ దృశ్యం లేకపోయినా చూసేవాడికి ముందుకు నడవడంలో ఇబ్బంది లేదు. వ్యాఖ్యానంలో ‘ఉడికించి సిద్ధం చేసిన నూలు’ అన్న నాలుగు మాటలు చాలు.

ఆసు పోయడం దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధవృత్తంగా పేర్చిన నలభైకి పైగా మేకులు. దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకూ, ఆ కొస నుంచి ఈ కొసకూ వరసగా తిప్పుతూ చుడతారు. పేక దారం రేపు బట్టలో ఏ వరసలో పడుతుందో ఆ వరస ఇక్కడే కుదురుతుంది. అందుకే తర్వాత ఆ నూలు మీద గీసే గుర్తు, బట్టలో సరైన చోట బొమ్మగా తేలుతుంది. ఈ భాగం తీసేస్తే ఏమవుతుందో చూడండి. ఎవరో నూలు కట్ట మీద గీతలు గీస్తుంటారు. ఆ గీతలకూ చీర మీది బొమ్మకూ ఏమిటి సంబంధమో తెలియదు. గుర్తుల భాగం కూలింది. దాని మీద నిలబడ్డ కట్లు, రంగు, నేత వరసగా కూలాయి. కాబట్టి ఆసు ఉండి తీరాలి.

మల్లేశం భాగం అన్నిటికంటే కష్టం. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన మల్లేశం, ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడుతున్న బాధ చూడలేక ఏళ్ల తరబడి శ్రమించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇరవై నిమిషాల్లో మనసును బలంగా పట్టేది ఈ రెండు నిమిషాల ఇరవై సెకన్లే కావచ్చు. అయినా మన వాక్యానికి దీనితో ముడి లేదు. యంత్రం గురించి తెలియకపోయినా బొమ్మ నూలు మీద ఎలా పడుతుందో పూర్తిగా అర్థమవుతుంది. దాన్ని అరనిమిషానికి కుదించి ఇరికిస్తే రెండు నష్టాలు. ఆ కథ సగంలో తెగుతుంది, మన గొలుసు మధ్యలో ఆగుతుంది. తీసేయాలి, మొత్తంగా.

పని లోపల ఎక్కడ కొయ్యాలి?

ఉండాల్సిన భాగాలు తేలాక, మూడు నిమిషాల ఆసును యాభై సెకన్లు చెయ్యాలి. ఇక్కడ ఇంకో పరిశోధన దారి చూపిస్తుంది. 1970లలో డారెన్ న్యూట్‌సన్ మామూలు పనులు చేస్తున్న మనుషుల ఫిల్ములు చూపించి, ఒక పని ముగిసి ఇంకోటి మొదలైందనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. వేర్వేరు మనుషులు చాలావరకు ఒకే చోట్ల నొక్కారు. అంటే పనికి కీళ్ల లాంటి చోట్లు ఉన్నాయి, చూసేవాళ్లందరికీ అవి దాదాపు ఒకచోటే కనిపిస్తాయి. 2004లో జర్మన్ పరిశోధకులు స్టెఫాన్ ష్వాన్, బేర్బెల్ గార్సోఫ్కీ పనులను చూపే ఫిల్ములను కుదించి చూశారు. ఆ సంధి చోట్లను ఉంచి మధ్య భాగాలు తీసేసినప్పుడు, పూర్తి ఫిల్ము చూసినవాళ్లకు గుర్తున్నట్టే వీటిని చూసినవాళ్లకూ గుర్తుంది. సంధులను తీసేసి మధ్యలను ఉంచినప్పుడు గుర్తు దెబ్బతింది.

కొత్త ఎడిటర్లు సరిగ్గా దీనికి తలకిందులుగా కోస్తారు. మధ్యలో చెయ్యి లయగా ఆడుతుంటుంది, వెలుతురు బాగుంటుంది. అది ఉంచుతారు. దారం కొస మేకుకు ముడి వేయడం, చివరి మేకు చుట్టాక నూలును ఎత్తి తీయడం నెమ్మదిగా, వికారంగా ఉంటాయి. అవి తీసేస్తారు. అప్పుడు పని ఎక్కడ మొదలైందో, దాని నుంచి ఏం వచ్చిందో తెలియదు.

ఆసును ఇలా కోద్దాం. దారం కొస ఒంటి మేకుకు కట్టడం, చెయ్యి అర్ధవృత్తంలోని మొదటి మేకుకు వెళ్లి తిరిగి రావడం, రెండో మేకు: ఇది ఇరవై సెకన్లు, తొందర లేకుండా. పనిముట్టు కొత్తది కాబట్టి మొదటిసారి సమయం ఇవ్వాలి. తర్వాత చెయ్యి ఆడుతున్న ఒకే షాట్, పన్నెండు సెకన్లు, మధ్యలో కట్ లేకుండా, సంగీతం లేకుండా. ఒక చీరకు చెయ్యి ఇలా సుమారు 9000 సార్లు తిరగాలని వ్యాఖ్యానం చెప్పేది ఇక్కడే. ఆ మాట కెమెరా చూపలేదు, అందుకే గొంతు చెప్పాలి. తర్వాత చివరి మేకు, నూలు వరస చెదరకుండా ఎత్తి తీయడం, పద్దెనిమిది సెకన్లు. మొత్తం యాభై. పోయిన రెండు నిమిషాల పది సెకన్లలో చూసేవాడికి తెలియాల్సిన కొత్త సంగతి ఏదీ లేదు.

తగ్గడం వేరు, మారడం వేరు

కత్తిరింపు వల్ల రెండు రకాల నష్టం రావచ్చు. కొంత సమాచారం తగ్గుతుంది, దీన్ని ఓర్చుకోవచ్చు. ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది, దీన్ని ఓర్చుకోకూడదు. రెండోది ఎక్కడ దూరుతుందో రంగుల భాగంలో చూడవచ్చు.

రంగు వేసే వరస ఇది. తెల్లగా ఉండాల్సిన చోట్ల నూలును రబ్బరు పీలికలతో బిగించి కట్టి, ముందు లేత రంగులో, అంటే పసుపులో ముంచుతారు. ఆరాక, పసుపుగానే మిగలాల్సిన చోట్లను కూడా కట్టి ఎరుపులో ముంచుతారు. చివరికి కట్లు విప్పితే కింద దాగిన రంగులు బయటపడతాయి. ఇప్పుడు సమయం లేదని మొదటి ముంపు నుంచి నేరుగా మూడు రంగుల నూలుకు కట్ చేశామనుకోండి. చూపుకు ఎంతో సాఫీగా ఉంటుంది. కానీ చూసినవాడికి ఒక్క ముంపులోనే మూడు రంగులూ వచ్చాయనిపిస్తుంది. ఇది అబద్ధం. పైగా మన వాక్యంలోని ‘అంత పని పడుతుంది’ అన్న మాటకు ఆధారమే పోయింది.

సాఫీగా ఉండడం నిజానికి హామీ కాదని చెప్పే ప్రయోగం కూడా ఉంది. 2008లో టిమ్ స్మిత్, జాన్ హెండర్సన్ సినిమా ముక్కలు చూపించి, కట్ కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. వెతుకుతూ కూర్చున్నవాళ్లు కూడా, కదలిక కొనసాగుతుండగా పడ్డ కట్లలో దాదాపు మూడో వంతు గమనించలేదు. వెతికేవాడికే కనిపించని అతుకు, నమ్మకంతో చూసేవాడికి ఎలా కనిపిస్తుంది? అందుకే ఆ అతుకు కింద ఏం దాచామో మనమే చూసుకోవాలి.

రంగుల భాగానికి అరవై సెకన్లు ఇస్తే సరిపోతుంది. పసుపు ముంపు, తీయడం, రెండోసారి కట్టడం, ఎరుపు ముంపు, కట్టు విప్పడం. విప్పే క్షణాన్ని మాత్రం దగ్గరగా, పూర్తిగా చూపాలి. రబ్బరు పీలిక జారగానే ఎరుపు మధ్యలో పసుపూ, ఇంకో కట్టు కింద తెలుపూ కనిపిస్తాయి. అప్పటిదాకా చూపిన కట్టడం ఎందుకో ఆ రెండు సెకన్లలోనే తెలుస్తుంది.

మనుషుల మాటల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వీడియోలో నేతకారుడు ఇలా అన్నాడనుకుందాం: “ప్రింటు చీర మీద మాకు కోపం లేదన్నా. తక్కువ పైసలకు దొరుకుతది, కొనేటోళ్లు కొంటరు. కానీ దాన్ని ఇక్కత్ అని అమ్ముతున్నరు. అట్లయితే మా కూలి పోతది.” ఇందులోంచి చివరి మాట మాత్రం తీసుకుంటే ప్రింటు చీరలే తమ కూలి పోగొడుతున్నాయని ఆయన అన్నట్టవుతుంది. ఆయన ఫిర్యాదు పేరు మార్చి అమ్మడం మీద. ‘కానీ’, ‘అయితే’, ‘అట్లయితే’, ‘ఎప్పుడన్నా’ లాంటి మాటలు చిన్నవి, కత్తిరిస్తే వినసొంపుగా కూడా ఉంటుంది. అర్థం మాత్రం వాటి మీదే తిరుగుతుంది.

అందుకని ఇంటర్వ్యూను కుదించేటప్పుడు నేను పాటించే నియమం ఒకటుంది. మూడు చోట్ల నుంచి మూడు ముక్కలు తెచ్చి అతికే బదులు, వరసగా ఉన్న ఒకే ముక్క కోసం వెతుకుతాను. పై మాటలు నిదానంగా చెప్పినా ఇరవై సెకన్లు దాటవు. తొంభై సెకన్ల ఇంటర్వ్యూలో అదొక్కటీ చాలు. రెండు ముక్కలు అతకక తప్పకపోతే, మధ్యలో మగ్గం షాట్ వేసి అతుకు కప్పేముందు కళ్లు మూసుకుని వినాలి. ఆయన ఎదురుగా కూర్చుని వింటే ‘నేనన్నది ఇదే’ అంటాడా? అనడన్న అనుమానం వస్తే అది పోవాలి.

చివరి రెండు నిమిషాలు

ఇప్పటిదాకా చేసినది పేర్చి చూస్తే అయిదు నిమిషాలు రాదు, దాదాపు ఏడు వస్తుంది. ముందే పెట్టుకోకుండా ఆపిన సన్న కత్తిరింపు పని ఇప్పుడు మొదలవుతుంది. వ్యాఖ్యానం చెప్పినదాన్నే బొమ్మ చూపిస్తుంటే వ్యాఖ్యానం పోవాలి. ‘ఇప్పుడు కట్లు విప్పుతున్నారు’ అని చెప్పనక్కర లేదు, కనిపిస్తోంది. చెయ్యి పని మొదలుపెట్టే ముందున్న ఖాళీ, పని అయ్యాక మిగిలిన ఖాళీ పోవాలి. ఆసు ఒకసారి పరిచయమయ్యాక మళ్లీ కనిపిస్తే సగం సమయం చాలు. పాత వీడియోకు వేసిన సంగీతాన్ని ఈ పనికి ముందే తీసేయాలి. పాట చరణం తెగుతుందని షాట్‌ను ఉంచడం, అతుకు బాగా కుదిరిందని సంగీతాన్ని నమ్మడం రెండూ తప్పు దారి పట్టిస్తాయి. కొత్త సంగీతం చివర్లో వేసుకోవచ్చు.

చివరికి ఈ కొలతలు వస్తాయి. చీర మీది చెదిరిన అంచును దగ్గరగా చూపి ‘ఇది ఎందుకిలా ఉంది?’ అని అడగడం 20 సెకన్లు. ఆసు 50. గుర్తులు, కట్లు 70. రంగు 60. కండెలు, నేత 60. నేతకారుడి మాట, దాని ముందువెనకల ఆయన మగ్గం 30. పూర్తయిన చీర 10. మొత్తం 300. నేత భాగంలో ఉంచాల్సింది నాడె ఆటకంటే, ప్రతి పేక దారం పడ్డాక నేతకారుడు దాన్ని రవ్వంత జరిపి బొమ్మ కుదర్చడం. ఎంత సర్దినా వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. మొదట అడిగిన అంచు ప్రశ్నకు జవాబు అదే.

తర్వాత పరీక్ష. ఇరవై నిమిషాల వీడియో చూసినవాళ్లకు, తీసినవాళ్లకు దీన్ని చూపి లాభం లేదు. తెగిన చోట్లను వాళ్ల జ్ఞాపకం తనంతట తాను నింపేస్తుంది. ఇక్కత్ గురించి ఏమీ తెలియని మనిషికి ఒక్కసారి చూపించాలి. ‘అర్థమైందా?’ అని అడగకూడదు, మర్యాదకు అవుననే అంటారు. ‘చీర ఎలా తయారైందో నాకు చెప్పండి’ అనాలి. చెప్పేటప్పుడు పనుల వరస తారుమారైతే ఒక సంధి పోయిందని గుర్తు. వరస సరిగా ఉండి ‘ఎందుకో మరి గీతలు గీశారు’ అంటే ఒక కారణం తెగిందని గుర్తు. చెప్పని సంగతి చెబితే, ‘ఒకేసారి ముంచితే మూడు రంగులొస్తాయట’ అంటే, అన్నిటికంటే ప్రమాదకరమైన కట్ ఎక్కడో ఉంది. మొదటి రెంటికీ నాలుగైదు సెకన్లు తిరిగి ఇస్తే సరిపోవచ్చు. మూడోదానికి ఆ కట్‌ను తీసి మళ్లీ పేర్చుకోవాలి.

కుదించలేనిది ఒకటి మిగులుతుంది. ఆసు పోసే మనిషి భుజం గంటల తరబడి పడే అలుపును అయిదు నిమిషాల్లో చూపలేం. ఇరవై నిమిషాల్లోనూ పూర్తిగా చూపలేదు గానీ, మూడు నిమిషాల ఆసు కొంత చూపింది. కట్ లేని ఆ పన్నెండు సెకన్లూ, 9000 అన్న అంకే దానికి మనమిచ్చిన ప్రతినిధులు. అంతకంటే అడగడం పొరపాటు.

అలుపే చెప్పాలనుకుంటే వాక్యం మార్చాలి. “ఆసు పోసే ఆడవాళ్ల భుజాల నొప్పికి ఒక కొడుకు యంత్రంతో జవాబు చెప్పాడు” అని పట్టీ పైన రాసి మళ్లీ అదే ప్రశ్న అడగండి. ఇప్పుడు ఆసు మూడు నిమిషాల్లో నిమిషంన్నర నిలుస్తుంది. మల్లేశం భాగం దాదాపు మొత్తం నిలుస్తుంది. రంగు ముంపులు, కట్లు విప్పడం, ఇందాక ప్రాణంలా కాపాడుకున్నవన్నీ రెండు వాక్యాల వ్యాఖ్యానంలోకి పోతాయి. ముడిసరుకు అదే, అయిదు నిమిషాలూ అవే, మిగిలేది వేరు. రెండు వాక్యాలూ ఒకే వీడియోలో ఉండాలని పట్టుబడితే రెండూ చెడతాయి. రెండూ చెప్పి తీరాలనిపిస్తే, అయిదేసి నిమిషాల వీడియోలు రెండు చెయ్యాలి.